మీటని తంబూర తీగను గొంతుతో మోగించడం ఎలా?

తంబూర పక్కన కూర్చుని షడ్జం గట్టిగా పట్టి ఠక్కున ఆపేస్తే, ఎవరూ మీటకపోయినా అందులోంచి సన్నగా ఒక నాదం కొద్దిసేపు వస్తూనే ఉంటుంది. చాలామంది అది గదిలో ప్రతిధ్వని అనుకుని వదిలేస్తారు. నిజానికి మోగేది తీగలే. ఏ స్వరానికి ఏ తీగ పలుకుతుందో, తీగలో ఏ భాగం కదులుతుందో కూడా ఇంట్లోనే చూడొచ్చు. నాలుగు తీగల తంబూర, కొంచెం టిష్యూ కాగితం, ఒక చేతిరుమాలు, ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే చాలు. ఎలక్ట్రానిక్ తంబూర పెట్టె మాత్రం పనికిరాదు, దాంట్లో మోగడానికి తీగలే ఉండవు.

అర్థం కావడానికి ఒక శ్రుతి పెట్టుకుందాం. ఆడవాళ్లు ఎక్కువగా పాడే 5 శ్రుతి, అంటే కీబోర్డు మీద జి. ఈ శ్రుతిలో మధ్య షడ్జం పలికే రెండు తీగలు, సారణి, అనుసారణి, సెకనుకు 196 సార్లు కంపిస్తాయి. పంచమం తీగ 147 సార్లు, మంద్రం తీగ 98 సార్లు. 1 శ్రుతిలో పాడే మగవాళ్లు ఈ అంకెలన్నిటినీ మూడింట రెండొంతులకు తగ్గించుకుంటే సరిపోతుంది, మిగతా కథంతా అదే.

ముందు శ్రుతి, అది కూడా కచ్చితంగా

ఈ పనిలో తొంభై శాతం ఇక్కడే తేలిపోతుంది. తీగ ఎంత ఎక్కువసేపు మోగగలదో, అంత పట్టుదలగా తన కంపనానికే స్పందిస్తుంది. మంచి తంబూర తీగ చాలాసేపు మోగుతుంది కాబట్టి, మీ గొంతు దాని శ్రుతికి 1 హెర్ట్జ్ అటో ఇటో జరిగినా స్పందన బాగా పడిపోతుంది. బిరడలతో దగ్గరికి తెచ్చి, చివరి సర్దుబాటు కింద ఉన్న పూసలతో చేయండి.

శ్రుతి కుదిరిందో లేదో చూడటానికి గొంతు అక్కర్లేదు. సారణిని ఒక్కసారి మీటి వెంటనే వేలితో ఆపేయండి. అనుసారణి మోగుతూ ఉంటే రెండూ కలిశాయన్నట్టు. ఏమీ వినపడకపోతే, చెవికి ఒకేలా అనిపించినా ఇంకా కలవలేదు. ఈ పరీక్ష సులువుగా పనిచేస్తుంది, ఎందుకంటే రెండు తీగలూ ఒకే గుర్రం మీద, అంటే పలక మీద తీగలను మోసే చెక్కముక్క మీద, కూర్చుని ఉన్నాయి, కదలిక చెక్కలోంచి నేరుగా అందుతుంది. గాలిలోంచి వచ్చే గొంతుకు అంత బలం ఉండదు. కాబట్టి ఇక్కడ పాస్ కాని తంబూర ముందు కూర్చుని గొంతు చించుకున్నా లాభం లేదు.

గొంతు ఎక్కడ, ఎలా పెట్టాలి

తంబూరను మెత్తని గుడ్డ మీద పడుకోబెట్టండి. నోరు తీగలకు ఎదురుగా కాదు, కుండ మీది చెక్క పలకకు ఎదురుగా, జానెడు దూరంలో ఉండాలి. తీగ చాలా సన్నం, గాలిలో వచ్చే శబ్దం దాన్ని నేరుగా పెద్దగా ఊపలేదు. పలక వెడల్పైనది, అది గొంతుకు కంపిస్తుంది, దాంతో గుర్రం కదులుతుంది, గుర్రం తీగను కదుపుతుంది. నమ్మకం లేకపోతే దండి వైపు పాడి చూడండి, లేదా పలక మీద అరచెయ్యి ఆనించి పాడండి, స్పందన ఎంత తగ్గుతుందో తెలిసిపోతుంది.

ఇప్పుడు మధ్య షడ్జం పాడండి. గమకం వద్దు, ఊపు వద్దు, గీత గీసినట్టు ఒకే స్వరం మూడు నాలుగు సెకన్లు. తీగ ఒక్కసారిగా మోగదు, ప్రతి కంపనంతో కాస్త కాస్త కూడబెట్టుకుంటుంది, అందుకే అంతసేపు పట్టి ఉంచాలి. తర్వాత ఒక్క దెబ్బన ఆపి, చెవి దండికి ఆనించి వినండి. స్వరం సరిగ్గా దొరకట్లేదంటే కొంచెం కింది నుంచి మొదలుపెట్టి చాలా నిదానంగా పైకి జారండి. ఒక చోట తీగ అందుకుంటుంది, వేలి గోరు తీగకు తగీ తగలనట్టు ఆనిస్తే అక్కడ చిన్న జుమ్మనే స్పర్శ తెలుస్తుంది. మీటినప్పుడు వచ్చే ఝుంకారాన్ని మాత్రం ఆశించకండి, ఈ కదలిక చాలా చిన్నది, నాదం సాదాగా ఉంటుంది.

ఇది ప్రతిధ్వని కాదని రుజువు కావాలంటే తీగలన్నిటి మీదా చేతిరుమాలు వేసి అదే స్వరం అలాగే పాడి ఆపండి. ఇప్పుడు మిగిలేదే గది ప్రతిధ్వని. రెండింటి తేడానే మీ తీగలు చేసిన పని.

కాగితం ముక్కలు

కంటితో చూడాలంటే తీగ మీద చిన్న కాగితం మడిచి గుర్రమెక్కించినట్టు కూర్చోబెట్టాలి. ఇక్కడ ఎక్కువమంది నోటుబుక్కు కాగితం కత్తిరించి పెడతారు, అసలు చిక్కంతా దానితోనే. సారణి లాంటి సన్నని ఉక్కు తీగ బరువు మొత్తం కలిపి అర గ్రాము కూడా ఉండకపోవచ్చు. దాని నడిమధ్యలో అర సెంటీమీటరు వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున్న మామూలు కాగితం ఎక్కించామంటే బరువు ఒక శాతానికి పైగా పెరిగి, శ్రుతి 2 హెర్ట్జ్ పైనే దిగిపోవచ్చు. అంటే అంత కష్టపడి చేసిన శ్రుతిని మన చేతులతో మనమే చెడగొట్టుకున్నట్టే. టిష్యూలో ఒక్క పొరను విడదీసి, 3 మిల్లీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు పొడవు ముక్క చేస్తే ఈ బాధ దాదాపు ఉండదు.

కాగితం ఎగిరి పడుతుందని చూస్తూ కూర్చోవద్దు. వణికితే చాలు, వెనక నల్లటి గుడ్డ పెట్టి పక్కనుంచి లైటు వేస్తే బాగా కనిపిస్తుంది. ఆ వణుకు మీ ఊపిరి గాలి వల్లేమో అన్న అనుమానం సహజం. అదే బలంతో శుద్ధ రిషభం పాడండి. గాలి అంతే వస్తుంది, కాగితం కదలదు. కదిలిందంటే నోరు పక్కకి జరపండి.

మంద్రం తీగ మీద అసలు తమాషా

సారణి షడ్జానికి పలకడంలో వింతేమీ లేదు, రెండూ 196. మంద్రం తీగది 98 కదా, అదీ పలుకుతుంది. ఎలాగంటే తీగ మొత్తంగా ఊగడమే కాదు, రెండు సగాలుగా విడిపోయి కూడా ఊగగలదు, అప్పుడు దాని కంపనం రెట్టింపై 196 అవుతుంది.

చూద్దాం. మిగతా మూడు తీగల కింద రుమాలు దోపి మంద్రాన్ని ఒక్కదాన్నే వదలండి. గుర్రం నుంచి పైన తీగ ఆనే మెట్టు దాకా కొలవండి. 80 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 20 దగ్గర ఒక టిష్యూ ముక్క, సరిగ్గా 40 దగ్గర ఇంకొకటి పెట్టండి. మధ్య షడ్జం పాడితే 20 దగ్గరది వణుకుతుంది, 40 దగ్గరది కదలకుండా కూర్చుంటుంది, ఎందుకంటే రెండు సగాలుగా ఊగే తీగకు నడిమి బిందువు నిలకడగా ఉంటుంది. మీ గొంతులో 196తో పాటు దాని పై కంపనాలు 392, 588 కూడా ఉంటాయి. అవి తీగను నాలుగు, ఆరు భాగాలుగా ఊపుతాయి. వాటన్నిటికీ కూడా నడిమధ్య కదలని చోటే.

ఇప్పుడు కాగితాలు ముట్టుకోకుండా మధ్య పంచమానికి, అంటే 294కి వెళ్లండి. తీగ మూడు భాగాలుగా ఊగుతుంది, 98 మూడు సార్లు 294. మూడు భాగాల్లో నడిమి భాగానికి సరిగ్గా మధ్యలో ఉన్నది 40 దగ్గరి కాగితమే. ఇందాక బిగుసుకు కూర్చున్న ఆ ముక్క ఇప్పుడు వణుకుతుంది. అదే కాగితం, అదే తీగ, మారింది స్వరం ఒక్కటే. రెండూ ఎప్పుడూ కదులుతున్నాయంటే కాగితం నడిమధ్యలో లేదు, కొంచెం జరిపి చూడండి.

షడ్జానికి పంచమం తీగ ఎందుకు పలకాలి?

ఈసారి రుమాలు మార్చి పంచమం తీగను మాత్రం వదిలి షడ్జం పాడండి. 147కీ 196కీ సంబంధం లేదనిపిస్తుంది, ఆపాక వింటే మాత్రం పైన ఎక్కడో సన్నని మోత ఉంటుంది. లెక్క వేస్తే 147కి నాలుగు రెట్లు 588, 196కి మూడు రెట్లు కూడా 588. తీగ మీ షడ్జాన్ని పట్టుకోలేదు, మీ షడ్జంలో దాగిన మూడో కంపనాన్ని పట్టుకుంది. అందుకే వినపడేది మీరు పాడిన స్థాయి కాదు, తార స్థాయి పంచమం.

ఇది నిజమో కాదో తేల్చడానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. అదే షడ్జాన్ని ఒకసారి 'ఆ' అని, ఒకసారి 'ఊ' అని పాడండి. 'ఆ'లో 588 దగ్గరి కంపనాలు బలంగా ఉంటాయి, 'ఊ'లో మూల కంపనమే ఎక్కువ, పైవి బలహీనం. పంచమం తీగ 'ఆ'కి పలికి 'ఊ'కి దాదాపు ఊరుకుంటుంది. సారణి మాత్రం రెండింటికీ పలుకుతుంది.

చివరగా గాంధారం

తంబూర బాగా శ్రుతి కుదిరితే మంద్రం తీగలో అంతర గాంధారం తనంతట తాను వినిపిస్తుంది, సంగీతజ్ఞులు స్వయంభూ గాంధారం అనేది దాన్నే. తీగ ఐదు భాగాలుగా ఊగినప్పుడు వచ్చే 490 అది. మళ్లీ మంద్రాన్ని ఒక్కదాన్నే వదిలి మధ్య స్థాయి అంతర గాంధారం 'ఆ'కారంలో పాడండి. 245 పాడితే అందులోని రెండో కంపనం 490 అవుతుంది, తీగ అందుకుంటుంది.

కీబోర్డు మీద గాంధారం విని దాన్నే కచ్చితంగా పాడేవాళ్లకు ఇది తరచూ కుదరదు. కీబోర్డు గాంధారం సుమారు 247, దాని రెండో కంపనం 494 దగ్గర పడుతుంది. తీగ కోరేది 490. ఆ నాలుగు హెర్ట్జ్ తేడా చాలు తీగ మౌనంగా ఉండిపోవడానికి. పరికరంలో లోపమేదో ఉందనుకుని బిరడలు తిప్పకండి. కీబోర్డు స్వరం దగ్గర మొదలుపెట్టి, గొంతును వెంట్రుకవాసి చొప్పున కిందికి దించుతూ, మధ్యమధ్యలో ఆపి వింటూ రండి. 245 దగ్గరికి వచ్చేసరికి మంద్రం తీగ అందుకుంటుంది.