ఆహార వ్యర్థాలు వేశాక పులిసిన బయోగ్యాస్ ప్లాంటును సరిచేయడం ఎలా?

పేడతో చక్కగా నడిచే ప్లాంటులో ఒక్కసారిగా మిగిలిన అన్నం, కూరలు వేయడం మొదలుపెడితే మొదటి రెండు మూడు రోజులు గ్యాసు పెరుగుతుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. తర్వాత గ్యాసు ఉన్నట్టే కనిపిస్తుంది కానీ పొయ్యి సరిగా అంటుకోదు. ఆహారాన్ని ఆమ్లాలుగా మార్చే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఆ ఆమ్లాల నుంచి మీథేన్ చేసేవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. ఆమ్లం పేరుకుపోయి, మీథేన్ తగ్గి, మండని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువవుతుంది.

రోజుకు 50 కిలోల పేడ, అంతే నీరు పట్టే ప్లాంటును తీసుకుందాం. అందులో సుమారు 4,000 లీటర్ల స్లర్రీ ఉంటుంది. పేడ ఆపి 30 కిలోల వండిన ఆహారం వేయడంతో అది పులిసిందనుకుందాం.

1. ముందు పేడ, ఆహారం వేయడం పూర్తిగా ఆపండి. ప్లాంటును ఖాళీ చేయకండి, బతికి ఉన్న మీథేన్ సూక్ష్మజీవులు కూడా స్లర్రీతోపాటే పోతాయి.

2. బయటికి వచ్చే స్లర్రీని పీహెచ్ కాగితంతో పరీక్షించండి. 6.8 నుంచి 7.5 మధ్య ఉంటే మంచిది. 6.5 కంటే తగ్గితే పులిసినట్టే. పుల్లటి ఘాటు వాసన కూడా వస్తుంది.

3. పీహెచ్ 6.5 కంటే తక్కువైతే కిలో వంటసోడాను బకెట్ నీటిలో కరిగించి పోయండి. మర్నాడు మళ్లీ కొలిచి, అవసరమైతేనే ఇంకో కిలో వేయండి. మొత్తం నాలుగు కిలోలు దాటవద్దు. సున్నం కంటే నేను సోడానే ఎంచుకుంటాను. సున్నం ఎక్కువైతే అడుగున గడ్డకడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసి మూసి ఉన్న తొట్టిలో పీడనం పడిపోయేలా చేస్తుంది.

4. బాగా నడుస్తున్న వేరే ప్లాంటు నుంచి కొన్ని బకెట్ల స్లర్రీ దొరికితే తెచ్చి పోయండి. సోడా ఆమ్లాన్ని తగ్గిస్తుందే తప్ప సూక్ష్మజీవులను తేలేదు.

నురగ వస్తుంటే గట్టిగా కలపకండి. స్లర్రీ బయటికి వచ్చే గదిలోంచి కొంత తీసి లోపల చోటు కల్పించండి. నురగ గ్యాసు గొట్టంలోకి చేరిందేమో చూడటానికి, ఆ గొట్టంలోని తేమ నీరుగా చేరే ఉచ్చును ఖాళీ చేయండి. ఆ సమయంలో దగ్గర నిప్పు ఉండకూడదు. ఎట్టి పరిస్థితుల్లోనూ తొట్టిలోకి దిగవద్దు, లోపలి వాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి.

పీహెచ్ 6.8కి చేరాక, నీలి మంట వచ్చాక, పేడ కలిపిన నీటిని మామూలు మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. పూర్తి పేడకు చేరి ఒక వారం నిలకడగా ఉంటే రోజుకు రెండు కిలోల ఆహారం చేర్చి, ఆ మేరకు పేడ తగ్గించండి. తర్వాత ఆ రోజువారీ మోతాదును వారానికి రెండు కిలోల చొప్పున పెంచవచ్చు. మంట బలహీనపడిన రోజే వెనక్కి తగ్గండి. పీహెచ్ పడిపోయేదాకా ఆగితే ఆలస్యమవుతుంది, ఎందుకంటే అది చివరగా మారుతుంది.

కోళ్ల ఎరువు ఎక్కువగా వేశాక గ్యాసు తగ్గి, అమ్మోనియా ఘాటు వస్తూ, పీహెచ్ 8 దాటితే ఈ వైద్యం పనికిరాదు. అక్కడ సోడా హాని చేస్తుంది. ఆ ఎరువు ఆపి, నీరు ఎక్కువ కలిపిన పేడ వేయాలి.