దళసరి ఉన్న అర్ధగోళపు గిన్నె: లోహం ఎంత పట్టింది, కళాయి ఎంత మేర పడుతుంది?

ఇత్తడి గిన్నె ఒకటి ఉంది. ఆకారం సరిగ్గా అర్ధగోళం. బయటి వ్యాసం 21.6 సెం.మీ., గోడ మందం 3 మి.మీ. దాంట్లో ఎన్ని నీళ్లు పడతాయి, ఎంత ఇత్తడి ఉంది, లోపల కళాయి వేయిస్తే ఎంత వైశాల్యం మీద వేయాలి? ఈ మూడూ వేరువేరు లెక్కలు. ఒకే సూత్రంతో మూడింటినీ తేల్చేద్దామని కూర్చుంటే మూడూ తప్పుతాయి.

ముందు కొలతలు. బయటి వ్యాసం కోసం గిన్నెను బల్ల మీద బోర్లించి, రెండు పక్కలా రెండు చెక్కముక్కలు నిటారుగా ఆనించి, వాటి మధ్య దూరం కొలవండి. మందాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో అంచు దగ్గర నేరుగా కొలవండి. లోపలి వ్యాసాన్ని స్కేలుతో కొలిచి, తీసివేతతో మందం తెలుసుకునే పని మాత్రం పెట్టుకోకండి. స్కేలు మీద ఒక్క మిల్లీమీటరు పొరబడి 21కి బదులు 20.9 అని చదివారనుకోండి, మందం 3.5 మి.మీ. అని తేలుతుంది, లోహం లెక్క ఇంచుమించు ఆరోవంతు పెరిగిపోతుంది.

అన్నిటినీ సెంటీమీటర్లలోకి మార్చుకోండి: మందం t = 0.3.

ఇప్పుడు ఎక్కువమంది జారిపడే మెట్టు. లోపలి వ్యాసార్థం కావాలి. వ్యాసంలోంచి మందాన్ని ఒక్కసారి తీసేసి, 21.6 − 0.3 = 21.3 అని, దాన్ని సగం చేసి 10.65 అని రాసేస్తారు. గిన్నెకు ఆ చివర ఒక గోడ, ఈ చివర ఒక గోడ ఉన్నాయి కదా! వ్యాసంలోంచి తీసేటప్పుడు మందాన్ని రెండుసార్లు తీయాలి. ఈ గొడవే వద్దనుకుంటే మొట్టమొదట వ్యాసాన్ని సగం చేసేయండి. వ్యాసార్థం మీద గోడ ఒక్కసారే వస్తుంది కాబట్టి మందాన్ని ఒక్కసారి తీస్తే చాలు. వరుస ఎప్పుడూ ఇదే: ముందు సగం, తర్వాత తీసివేత.

```
R = 21.6 / 2   = 10.8
r = 10.8 − 0.3 = 10.5
```

0.15 తేడాకు ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. 10.65తో లెక్క కడితే లోహం 108.45 ఘన సెం.మీ. అని వస్తుంది. అసలు విలువ 213.9. అంటే గోడలో సగం మందం మాయమైపోయింది, దాంతోపాటే సగం ఇత్తడీ పోయింది. ఇత్తడి సాంద్రతను ఘన సెం.మీ.కు 8.5 గ్రాములుగా తీసుకుంటే కిలో ఎనిమిది వందల గ్రాముల గిన్నె కాగితం మీద తొమ్మిది వందల గ్రాములకు దిగిపోతుంది.

ఇక లోహం ఘనపరిమాణం. బయటి అర్ధగోళంలోంచి లోపలి అర్ధగోళాన్ని తీసేస్తే మిగిలేది గోడ:

```
V = (2/3) π (R³ − r³)
```

బ్రాకెట్‌ను జాగ్రత్తగా చూడండి. ఘనాల భేదం వేరు, భేదానికి ఘనం వేరు. R − r = 0.3 కదా అని దాన్నే ఘనం చేస్తే 0.027, చివరికి లోహం 0.06 ఘన సెం.మీ.కూడా రాదు. అంత ఇత్తడితో గిన్నె కాదు, చిన్న పూస కూడా అవదు.

రెండో చిక్కు π దగ్గర. రెండు అర్ధగోళాల ఘనపరిమాణాలు విడివిడిగా కట్టి, తర్వాత తీసివేసే పద్ధతి పుస్తకాల్లో కనిపిస్తుంది. తప్పని కాదు గానీ, పెద్ద సంఖ్యలోంచి ఇంకో పెద్ద సంఖ్యను తీస్తే మిగిలే చిన్న శేషం మీదే పొరపాట్లన్నీ వచ్చి పడతాయి. బయటిదానికి 22/7, లోపలిదానికి 3.14 వాడితే 2639.4 − 2423.3 = 216.1 వస్తుంది. రెండు వేలల్లో రెండు తేడా ఏ మూలకూ కాదు, రెండు వందల్లో అది ఒక శాతం. అందుకే ముందు ఘనాల భేదం తేల్చి, πతో చివర్లో ఒక్కసారే గుణించాలి. ఆ భేదాన్ని కూడా కారణాంకాలుగా విడగొట్టే కట్టాలి:

```
R³ − r³ = (R − r)(R² + Rr + r²)
        = 0.3 × (116.64 + 113.40 + 110.25)
        = 0.3 × 340.29 = 102.087

V = (2/3) × (22/7) × 102.087 ≈ 213.9 ఘ.సెం.మీ.
```

ఇలా రాస్తే మందం కళ్ల ముందే ఉంటుంది. దాన్ని తప్పు వేస్తే ఎక్కడ వేశారో అక్కడే దొరుకుతుంది. బరువు 213.9 × 8.5, సుమారు 1,818 గ్రాములు.

సరిచూసుకోవడానికి ఒక చిట్కా. గోడకు నడుమ ఉండే వ్యాసార్థం 10.65. దానితో 2 × π × 10.65² × 0.3 కట్టండి, 213.88 వస్తుంది. ఇందాక తప్పుదారిలో తేలిన 10.65 ఇక్కడ మాత్రం పనికొచ్చింది! వ్యాసార్థంతో పోలిస్తే గోడ పల్చగా ఉన్నంతవరకు ఈ రెండు విలువలూ ఇలాగే దగ్గరదగ్గరగా రావాలి. రాలేదంటే మళ్లీ వ్యాసార్థాల దగ్గరికి వెళ్లండి.

గిన్నెలో పట్టే నీళ్లకు లోపలి వ్యాసార్థమే. (2/3) × (22/7) × 10.5³ = 2425.5 ఘన సెం.మీ., అంటే రెండు లీటర్ల 425 మిల్లీలీటర్ల చిల్లర. పొరపాటున 10.8 వేస్తే ఇంకో 214 మి.లీ. ఎక్కువ చూపిస్తుంది. అది గోడలోని ఇత్తడి జాగా, అక్కడ నీళ్లు నిలవవు.

వైశాల్యం దగ్గర మర్చిపోయేది ఒక్కటే, అంచు. దళసరి గిన్నెకు మూడు తలాలు: బయటి వక్రతలం, లోపలి వక్రతలం, వాటిని కలిపే కంకణం లాంటి అంచు.

```
బయట : 2πR²       = 733.17 చ.సెం.మీ.
లోపల : 2πr²       = 693.00
అంచు  : π(R² − r²) = 20.08
మొత్తం             = 1446.25
```

అంచుకు π(R − r)² వేయడం ఇంకో పాత అలవాటు. అది 0.28 చ.సెం.మీ. ఇస్తుంది. 21 సెం.మీ. పైచిలుకు వ్యాసమున్న అంచుకు అంత చిన్న వైశాల్యం ఎలా వస్తుంది?

ఏ తలం కావాలన్నది పనిని బట్టి. కళాయి లోపలే వేస్తారు కాబట్టి 693 చాలు. గిన్నె మొత్తాన్ని నికెల్ తొట్టిలో ముంచి పూత వేయిస్తే 1446.25. బయట మాత్రమే మెరుగు పెట్టిస్తే 733, అంచునూ తోమిస్తే దానికి ఇంకో 20 కలపండి. ప్రశ్నలో "సంపూర్ణతలం" అని ఉంటే మూడూ కలిపి 3πR² + πr². గట్టి అర్ధగోళానికి వాడే 3πR² ఇక్కడ పనికిరాదు, దాంట్లో గిన్నె నోరు మూసుకుపోయి ఉంటుంది.

లెక్కంతా గోడ మందం అన్నిచోట్లా ఒకటేనన్న షరతు మీద నిలబడింది. పోత గిన్నెకు ఇది చాలావరకు నప్పుతుంది. రేకును సాగగొట్టి చేసిన గిన్నెలో ఒకచోట పల్చగా, ఇంకోచోట మందంగా ఉంటుంది. అంచు చుట్టి ఉంటే కాలిపర్స్‌లో పడేది ఆ మడత మందమే. అలాంటప్పుడు మడతకు కింద రెండు మూడు చోట్ల కొలిచి సగటు తీసుకోండి. లోపలి లోతును కూడా కొలవండి, అది 10.5 ఉండాలి. బాగా తక్కువుంటే అడుగు చదునుగా ఉందన్నమాట, అది అర్ధగోళం కాదు. దానికి ఈ సూత్రాలు వేయకుండా నీళ్లు కొలపాత్రతో పోసి, బరువు త్రాసులో పెట్టి చూసుకోవడమే దారి.