గ్రీన్ మ్యాట్ పోయాక చర్మం, జుట్టు మీద మిగిలే గ్రీన్ స్పిల్: తీసేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కీ బాగానే వచ్చింది, వెనకున్న గ్రీన్ మ్యాట్ మొత్తం పోయింది. తీరా మనిషిని కొత్త బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టగానే దవడ కింద కామెర్లు వచ్చినట్టు ఒక ఛాయ, జుట్టు అంచుల్లో సన్నటి ఆకుపచ్చ గీత బయటపడతాయి. మ్యాట్ మీద పడ్డ లైటు తిరిగి మనిషి మీద పడటం వల్ల వచ్చే ఈ రంగునే స్పిల్ అంటాం. దీన్ని తీయడానికి దాదాపు ప్రతి కీయర్‌లోనూ ఒక స్లైడర్ ఉంటుంది. దాన్ని కంగారుగా చివరిదాకా లాగేస్తే ఆకుపచ్చ పోతుంది కానీ మొహం గులాబీ రంగుకు తిరుగుతుంది, జుట్టు చుట్టూ బూడిద రంగు అంచు మిగులుతుంది. అప్పుడు చూసినవాళ్లు ఇంకా తొందరగా పట్టేస్తారు.

అందుకే స్లైడర్ ముట్టుకునేముందు ఒక విషయం తేల్చుకోవాలి. చర్మం మీద ఉన్న ఆకుపచ్చ, జుట్టులో ఉన్న ఆకుపచ్చ ఒకటి కావు. చర్మం గుండా వెనకున్నది కనపడదు కాబట్టి అక్కడ గ్రీన్ అదనంగా వచ్చి చేరింది. ఆ అదనాన్ని తీసేస్తే చాలు. జుట్టు పాయల సందుల్లో మాత్రం కనిపించేది చాలావరకు మ్యాటే. అక్కడ గ్రీన్ తీసేసి ఊరుకుంటే కుదరదు, ఆ స్థానంలో కొత్త బ్యాక్‌గ్రౌండ్ వెలుతురు తెచ్చి పెట్టాలి. ఈ రెంటికీ ఒకే మందు వేయడం వల్లే చాలా షాట్లు పాడవుతున్నాయి.

ముందుగా పనుల వరస సరిచూసుకోండి

ఒరిజినల్ ఫుటేజ్‌ని అలాగే ఉంచుకోండి. కీ చేసి, బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, ఎగుమతి చేసిన ఫైల్ మీద స్పిల్ తీయడం మొదలుపెడితే సగం సమాచారం అప్పటికే పోయి ఉంటుంది. ముఖ్యంగా జుట్టు అంచు పిక్సెళ్లలో మ్యాట్ వాటా ఎంతో తెలుసుకునే దారి ఉండదు.

ఆల్ఫా ఎప్పుడూ స్పిల్ తీయని ఫుటేజ్ నుంచే తీయాలి. ముందే గ్రీన్ తగ్గించేస్తే కీయర్‌కి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. స్పిల్ తీసే పని అదే ఒరిజినల్ మీద పక్కన విడిగా చేసుకుని, ఆ రంగునీ ఈ ఆల్ఫానీ చివర్లో కలపాలి. కలర్ గ్రేడ్ ఆ తర్వాతి సంగతి. ముందే షాట్‌ని వార్మ్‌గా మార్చేస్తే రెడ్, బ్లూ విలువలు కదిలిపోతాయి. స్పిల్ లెక్క వాటి మీదే ఆధారపడుతుంది కాబట్టి అదీ తప్పుతుంది.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో `Keylight` వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అది కీ చేస్తూనే స్పిల్ కూడా తానే తీసేస్తుంది. దాని తర్వాత `Advanced Spill Suppressor` కూడా వేస్తే తీసిన చోటే మళ్లీ తీసినట్టవుతుంది. స్పిల్‌ని విడిగా తీయాలనుకుంటే `View`ని `Intermediate Result`కి మార్చండి. అప్పుడు కీ మాత్రమే వస్తుంది, రంగు చెక్కుచెదరదు.

చర్మం: ఆకుపచ్చ కోసం వెతికితే దొరకదు

ఒక షాట్ తీసుకుందాం. మనిషి కాస్త పక్కకి తిరిగి ఉన్నారు, మ్యాట్ వైపు ఉన్న దవడ మీద స్పిల్ పడింది. నుదుటి మీద, నేరుగా లైటు పడే చోట చర్మం మామూలుగానే ఉంది. దవడ దగ్గర స్పిల్ లేకపోయి ఉంటే రంగు దాదాపు రెడ్ 150, గ్రీన్ 115, బ్లూ 96 ఉండాలి అనుకోండి. ఇప్పుడు అక్కడ గ్రీన్ 142 ఉంది.

ఈ రంగు హ్యూ చక్రంలో ఎక్కడుందో చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. స్పిల్ లేని చర్మం దాదాపు 21 డిగ్రీల దగ్గర, అంటే నారింజ వైపు ఉంటుంది. స్పిల్ పడ్డ దవడ 51 డిగ్రీలకు వచ్చింది. అది పసుపు, ఆకుపచ్చ కాదు. చర్మంలో రెడ్ ఎప్పుడూ ఎక్కువే కాబట్టి దానికి గ్రీన్ కలిస్తే కంటికి పసుపుగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే హ్యూ సాచురేషన్‌లో గ్రీన్స్ ఎంచుకుని సాచురేషన్ తగ్గించే చిట్కా దవడ మీద పనిచేయదు. బట్టల మీద పడ్డ స్పిల్ పోతుంది, మొహం మాత్రం అలాగే ఉండిపోతుంది. పోనీ యెల్లోస్ తగ్గిద్దామా అంటే మొహమంతా కళ తప్పుతుంది.

పనిచేసే పద్ధతి వేరే ఉంది. గ్రీన్ విలువకి ఒక హద్దు పెట్టి, దాన్ని దాటినంత మాత్రమే కోసేయాలి. చాలా స్పిల్ టూల్స్ లోపల చేసేది కాస్త అటూ ఇటూగా ఇదే. న్యూక్‌లో అయితే `Expression` నోడ్‌లో గ్రీన్ ఛానల్‌కి ఇలా రాసుకోవచ్చు:

```
min(g, (r+b)/2)
```

రెడ్, బ్లూల సగటు హద్దు అన్నమాట. మన దవడకి ఆ సగటు 123. గ్రీన్ 142 నుంచి 123కి దిగుతుంది, హ్యూ 51 నుంచి 30 డిగ్రీలకు వస్తుంది. సగటుకు బదులు రెండింట్లో పెద్దదాన్ని హద్దుగా పెట్టే పద్ధతీ ఉంది. దాన్ని ఇక్కడ వాడితే హద్దు 150 అవుతుంది, 142 దాని లోపలే ఉంది కాబట్టి ఒక్క పాయింటు కూడా తగ్గదు. కొన్ని టూల్స్‌లో ఎంత లాగినా మొహం మీద స్పిల్ కదలకపోవడానికి తరచుగా ఇదే కారణం. స్లైడర్ బలం పెంచడం కాదు, హద్దు పద్ధతి మార్చాలి.

సగటు పద్ధతి కూడా 21 దాకా తీసుకురాలేదని గమనించండి. అసలు రంగు ఏమిటో ఆ లెక్కకి తెలియదు. అది మీకు తెలుసు, నుదురు కళ్లముందే ఉంది కదా. హద్దులో బ్లూ వాటా కొంచెం పెంచి, రెడ్‌కి 0.4, బ్లూకి 0.6 ఇస్తే హద్దు సుమారు 118కి వస్తుంది, హ్యూ 24 దగ్గర నిలుస్తుంది. నుదుటిని చూస్తూ దవడని దానికి దగ్గరగా తేవడమే ఇక్కడ కొలత. అంతకంటే కిందికి దించకండి. కళ్ల కింద, పెదవుల పక్కన ముందుగా గులాబీ ఛాయ వస్తుంది. అది కనపడిందంటే దాటిపోయినట్టే.

ఇక్కడో ప్రమాదం ఉంది. ఈ హద్దు ఫ్రేమ్ మొత్తానికి వర్తిస్తుంది. మనిషి పసుపు చొక్కా వేసుకుంటే, రెడ్ 220, గ్రీన్ 190, బ్లూ 40 ఉన్న ఆ రంగులో గ్రీన్ 130కి పడిపోతుంది, చొక్కా నారింజ అవుతుంది. బంగారు నగలకీ అదే గతి. ఆ భాగాల చుట్టూ మాస్క్ గీసి, అక్కడ ఒరిజినల్ రంగునే వదిలేయండి లేదా చాలా తక్కువ బలంతో తీయండి. స్పిల్ లేని నుదురు కూడా ఇలాంటి మాస్క్ వెనక ఉంటే ఇంకా మంచిది. స్పిల్ లేనిచోట తీయాల్సిన పని లేదు.

గ్రీన్ కోస్తే వెలుతురు కూడా తగ్గుతుంది. కంటికి కనిపించే వెలుగులో గ్రీన్ వాటానే ఎక్కువ, వీడియోకి వాడే రెక్ 709 లెక్క ప్రకారం 0.7152. మన దవడలో 19 పాయింట్లు కోస్తే సుమారు 14 పాయింట్ల వెలుగు పోతుంది. అందుకే స్పిల్ తీశాక దవడ కింద మసి అంటినట్టు అనిపిస్తుంది. కోసినదాన్ని రంగు లేని వెలుతురుగా కొంత తిరిగి కలపండి. మొత్తం కలపాలని లేదు, ఎందుకంటే ఆ వెలుగులో కొంత మ్యాట్ నుంచి వచ్చిందే.

జుట్టు: తీసినచోట పెట్టాలి

జుట్టు దగ్గర లెక్క మారుతుంది. వదులుగా ఎగిరిన పాయ అంచులో ఒక పిక్సెల్ రెడ్ 70, గ్రీన్ 128, బ్లూ 66 ఉంది. సగటు 68 కాబట్టి 60 పాయింట్లు అదనం. ఖాళీ మ్యాట్ రంగు రెడ్ 60, గ్రీన్ 180, బ్లూ 70 అయితే అక్కడ అదనం 115. అరవైని 115తో భాగిస్తే 0.52 వస్తుంది. అంటే ఆ పిక్సెల్‌లో సగానికి పైగా మ్యాటే ఉంది, జుట్టు సగం కూడా లేదు.

దీని మీద స్పిల్ టూల్ మాత్రమే వేస్తే 70, 68, 66 మిగులుతుంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద అది బాగానే కలిసిపోతుంది. సాయంత్రపు ఎండ పడుతున్న గది బ్యాక్‌గ్రౌండ్ మీద పెడితే మాత్రం తల చుట్టూ బూడిద రంగు గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇది చూసి చాలామంది ఆల్ఫాని లోపలికి నొక్కేస్తారు. దాంతో సన్నటి పాయలన్నీ పోయి తల మీద టోపీ పెట్టినట్టవుతుంది. అది చేయకండి.

దానికి బదులు ఒరిజినల్ నుంచి స్పిల్ తీసిన దాన్ని తీసివేయండి. మిగిలేది గ్రీన్ ఎక్కడ ఎంత ఉందో చూపే ఒక మ్యాప్. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి, బాగా బ్లర్ చేసిన కొత్త బ్యాక్‌గ్రౌండ్‌తో గుణించి, జుట్టు అంచుల వరకే మాస్క్ పెట్టి, స్పిల్ తీసిన చిత్రానికి కలపండి. గ్రీన్ ఎంత పోయిందో ఆ మేరకు గది వెలుతురు వచ్చి కూర్చుంటుంది. బ్యాక్‌గ్రౌండ్‌ని బ్లర్ చేయకపోతే కిటికీ చువ్వల్లాంటివి జుట్టు మీద అచ్చు పడతాయి. ఈ కలపడం లీనియర్‌లో చేస్తే సహజంగా వస్తుంది. సగం బలంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. అంచు మెరవడం మొదలైతే ఎక్కువైందని అర్థం.

కొత్త బ్యాక్‌గ్రౌండ్ తోట అయితే జుట్టులో కొంచెం ఆకుపచ్చ ఉంటేనే నమ్మబుద్ధి అవుతుంది. అయినా పాత గ్రీన్‌ని అలాగే వదలకుండా, తీసి, ఆ తోట రంగునే ఇదే పద్ధతిలో తిరిగి పెట్టండి. మ్యాట్ గ్రీన్ వేరు, ఆకుల గ్రీన్ వేరు.

ఇదంతా చేశాక కూడా జుట్టు అంచు మెట్లుమెట్లుగా ఉంటే తప్పు స్పిల్ టూల్‌ది కాకపోవచ్చు. 4:2:0లో రికార్డ్ చేసిన వీడియోలో నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒకే రంగు సమాచారం ఉంటుంది. సన్నటి వెంట్రుకకి అది చాలదు. వెలుగు ఛానల్‌ని ముట్టుకోకుండా, రంగు ఛానళ్లని మాత్రం ఒకటి రెండు పిక్సెళ్లు బ్లర్ చేసి కీకి ఇస్తే కొంత నయం. పోయిన వెంట్రుకలు మాత్రం తిరిగిరావు.

ఒప్పుకునేముందు

నిలిపి ఉన్న ఒక్క ఫ్రేమ్ చూసి సరే అనుకోవద్దు. మనిషి తల తిప్పిన చోట ప్లే చేసి చూడండి. దవడ మ్యాట్ వైపు తిరిగే కొద్దీ స్పిల్ పెరుగుతుంది కాబట్టి గీసిన మాస్క్ కూడా తలతో పాటు కదలాలి, లేకపోతే బుగ్గ మీద రంగు పల్సులా కొట్టుకుంటుంది. వెనక మామూలు గ్రే పెట్టి ఒకసారి, తుది బ్యాక్‌గ్రౌండ్ పెట్టి ఒకసారి చూడండి. మిగిలిన గ్రీన్ గానీ ఎక్కువ తీసిన గులాబీ గానీ గ్రే మీద దాగవు.

ఇంకా షూట్ మొదలుకాకపోతే మనిషిని మ్యాట్‌కి రెండు మూడు మీటర్ల దూరం జరపండి, ఫ్రేమ్‌లోకి రాని మ్యాట్‌ని నల్ల గుడ్డతో కప్పేయండి. మొహం మీద జిడ్డు మెరుస్తుంటే పౌడర్ అద్దించండి, మెరిసే చర్మం మ్యాట్‌ని అద్దంలా చూపిస్తుంది. మ్యాట్ మీద లైటు కూడా అవసరమైనంతే ఉండాలి. అది మొహం కంటే వెలిగిపోతుంటే స్పిల్ తప్పదు.