వ్యూస్ పెరిగి, చూసే సమయం తగ్గితే: సబ్‌స్క్రైబర్లను, మిగతావాళ్లను విడదీసి చూడండి

సమస్య: కొత్త వీడియోకు వ్యూస్ బాగా వచ్చాయి, సగటున చూసిన సమయం మాత్రం పడిపోయింది

మిద్దె తోటల మీద వీడియోలు చేసే ఒక యూట్యూబ్ ఛానెల్ ఉందనుకుందాం. పోయిన వారం పెట్టిన పది నిమిషాల వీడియోను జనం సగటున నాలుగున్నర నిమిషాలు చూశారు. ఈ వారం మందార మొక్కకు పట్టే పిండినల్లి గురించి, అంతే నిడివితో ఇంకో వీడియో పెడితే సగటు మూడున్నర నిమిషాలకు దిగింది. ఈ అంకె చూడగానే టెన్షన్ పడి, వీడియో బాగా రాలేదని తేల్చేసుకుంటారు చాలామంది.

అక్కడే ఆగి, యూట్యూబ్ స్టూడియోలో Analytics తెరిచి Advanced mode లోకి వెళ్లండి. వీడియోను ఎంచుకుని Subscription status నొక్కితే సబ్‌స్క్రైబర్లు ఎంతసేపు చూశారో, మిగతావాళ్లు ఎంతసేపు చూశారో వేర్వేరుగా కనిపిస్తుంది. మన ఉదాహరణలో అంకెలు ఇలా ఉన్నాయనుకోండి. పాత వీడియోను 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఐదున్నర నిమిషాల చొప్పున, 500 మంది బయటివాళ్లు రెండున్నర నిమిషాల చొప్పున చూశారు. కొత్తదాన్ని అదే 1,000 మంది ఆరు నిమిషాలు చూశారు. బయటివాళ్లు మాత్రం 3,000 మంది వచ్చి, 2 నిమిషాల 40 సెకన్ల చొప్పున చూశారు. లెక్క వేసి చూడండి: రెండు గుంపులూ మునుపటికన్నా ఎక్కువసేపే చూశాయి. అయినా మొత్తం సగటు నిమిషం తగ్గింది. కారణం, తక్కువసేపు చూసే గుంపు ఈసారి ఆరు రెట్లు పెరగడమే.

పరిష్కారం: వీడియో తీరు ఏమీ మార్చకండి. ఈ సగటును చూసి కంగారుపడి నిడివి కోసేస్తే, ఆరు నిమిషాలు కూర్చుని చూస్తున్నవాళ్లను పోగొట్టుకుంటారు. ఇకనుంచి సబ్‌స్క్రైబర్ల అంకెను పాత సబ్‌స్క్రైబర్ల అంకెతోనే పోల్చండి, బయటివాళ్లది బయటివాళ్లతోనే. షార్ట్స్‌ను ఈ లెక్కలో కలపొద్దు.

సమస్య: బయటివాళ్లు మొదటి అర నిమిషంలోనే వెళ్లిపోతున్నారు, సబ్‌స్క్రైబర్లు మాత్రం ఉంటున్నారు

ఇది నిజంగా వీడియోలోని లోపమే. ఏ సెకను దగ్గర ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే ఆ వీడియో రిటెన్షన్ గ్రాఫ్‌లో సబ్‌స్క్రైబర్ల గీత, మిగతావాళ్ల గీత రెండూ తెప్పించుకుని, ఎక్కడ విడిపోతున్నాయో చూడండి. సరిగ్గా ఆ సెకను దగ్గర వీడియో ప్లే చేసి వినండి. “పోయిన వీడియోలో చూపించిన ఆ మందారే అండీ ఇది, మీ అందరికీ గుర్తుండే ఉంటుంది” లాంటి మాట వినిపిస్తే కారణం దొరికినట్టే. మిమ్మల్ని ఎరిగినవాళ్లకు అది ఆప్యాయంగా ఉంటుంది. మొక్క మీద తెల్లగా దూదిలా ఏదో పట్టిందని సెర్చ్ చేసి వచ్చిన మనిషికి మాత్రం, తను వేరేవాళ్ల ఇంట్లో అడుగుపెట్టినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఈ వీడియో ఎవరికోసమో తేల్చుకోవాలి. వ్యూస్ ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తే అది తెలుస్తుంది. ఎక్కువ భాగం యూట్యూబ్ సెర్చ్‌నుంచి వస్తుంటే అది బయటివాళ్ల వీడియో. తెల్లబూజు పట్టిన కొమ్మను దగ్గరగా చూపిస్తూ మొదలుపెట్టండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి పిచికారీ చేయడం తొందరగా చూపించండి. కబుర్లు చివరికి జరపండి. ఇప్పటికే పెట్టేసిన వీడియో అయితే స్టూడియోలోని ఎడిటర్‌లో ఆ మొదటి ముక్క కత్తిరించేయొచ్చు. అదే మీ తోటలో ఈ నెల కాపు చూపించే వీడియో అయితే, చూసేది ఎలాగూ మీవాళ్లే. బయటివాళ్లు జారిపోయినా దాన్ని అలాగే ఉండనివ్వండి.

సమస్య: సబ్‌స్క్రైబర్లే ముందుగా వెళ్లిపోతున్నారు

సాధారణంగా ఇది మట్టి మిశ్రమం, కుండీ సైజు లాంటి మొదటి పాఠాలు మళ్లీ చెప్పినచోట జరుగుతుంది. వాటిని వేరే వీడియోగా చేసి, ఇక్కడ లింకు ఇస్తే సరిపోతుంది. ఇద్దరికీ నచ్చేలా ఒకే వీడియోలో అన్నీ ఇరికించడం నాకు అస్సలు నచ్చని పద్ధతి. అలా చేస్తే రెండు గీతలూ కిందికే పోతాయి.

అంకెలు చూసేటప్పుడు పొరపడే చోట్లు

సబ్‌స్క్రైబర్ అంటే ఆ వీడియో చూసే సమయానికి సబ్‌స్క్రైబ్ అయి ఉన్నవారు. ఉదయం మామూలుగా చూసి, నచ్చి సబ్‌స్క్రైబ్ చేసి, సాయంత్రం ఇంకోటి చూస్తే, మొదటి వ్యూ బయటివాళ్ల ఖాతాలో, రెండోది సబ్‌స్క్రైబర్ల ఖాతాలో పడుతుంది. లాగిన్ కాకుండా చూసేవాళ్లు ఎన్నేళ్లుగా చూస్తున్నా బయటివాళ్ల లెక్కలోకే వస్తారు. కాబట్టి బయటివాళ్లంతా కొత్తవాళ్లే అనుకోవద్దు. ఎందరు కొత్తగా వచ్చారో, ఎందరు తిరిగి వచ్చారో Audience ట్యాబ్‌లో విడిగా ఉంటుంది.

ఇంకో సంగతి, రెండు వీడియోలనూ పెట్టిన రోజునుంచి ఒకే వ్యవధికి చూడండి, మొదటి 7 రోజులకైతే రెండింటికీ 7 రోజులే. మొదటి రెండు రోజుల్లో సబ్‌స్క్రైబర్లు ఎక్కువగా వస్తారు, సెర్చ్ జనం తర్వాత నెమ్మదిగా చేరతారు. పెట్టిన మర్నాడే చూస్తే ఏ వీడియో అయినా సబ్‌స్క్రైబర్ల వీడియోలాగే కనిపిస్తుంది.