హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్, కోర్ యాంటీబాడీ పాజిటివ్: ఈ రిపోర్టును ఎలా చదవాలి?

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నైకి వైద్యానికి వచ్చేవాళ్ల ఫైళ్లలో హెపటైటిస్ బి రిపోర్టు తప్పకుండా ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు, కీమోకు ముందు, డయాలిసిస్‌కు ముందు అడుగుతారు. చాలామంది మొదటి వరుసలో ‘నాన్ రియాక్టివ్’ అని చూసి కామెర్ల టెస్టు బాగానే ఉందనుకుని ఫైలు మూసేస్తారు. ఆపరేషన్ వరకైతే అది సరిపోవచ్చు. రోగనిరోధక శక్తిని అణచే మందు మొదలుపెట్టబోతున్నప్పుడు మాత్రం సరిపోదు. అందులోనూ రిటుక్సిమాబ్ అయితే అసలే సరిపోదు. అలాంటి సందర్భంలో ప్రాణం మీదకు తెచ్చేది ఎక్కువగా రెండో వరుస, అంటే కోర్ యాంటీబాడీ. ఈ వ్యాసం ఆ వరుస గురించే.

మొదట, ఏ టెస్టులు చేశారో చూడండి

వైరస్‌కు పైన ఒక పొర ఉంటుంది, లోపల ఒక గుళిక ఉంటుంది. పై పొరలోని ప్రోటీనే సర్ఫేస్ యాంటిజెన్, అంటే హెచ్‌బీఎస్‌ఏజీ. పాత ల్యాబులవాళ్లు ఇప్పటికీ దీన్ని ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అనే అంటారు. ఇది పాజిటివ్ అయితే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉన్నట్టు. ఆరు నెలలు దాటినా పాజిటివ్‌గానే ఉంటే దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ అంటారు. వ్యాక్సిన్ వేయించుకున్న రెండు మూడు వారాల్లోపు రక్తం ఇస్తే, వ్యాక్సిన్‌లోని యాంటిజెనే కనబడి పొరపాటున పాజిటివ్ రావచ్చు.

యాంటీ-హెచ్‌బీఎస్ అనేది ఆ పై పొరకు శరీరం తయారుచేసుకున్న రక్షణ. దీన్ని అంకెలో ఇస్తారు. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, అంతకంటే ఎక్కువ ఉంటే రక్షణ ఉన్నట్టు లెక్క.

యాంటీ-హెచ్‌బీసీ లోపలి గుళికకు, అంటే కోర్‌కు, వ్యతిరేకంగా వచ్చేది. వ్యాక్సిన్‌లో సర్ఫేస్ యాంటిజెన్ తప్ప ఇంకేమీ ఉండదు. కాబట్టి ఎన్ని డోసులు వేయించుకున్నా కోర్ యాంటీబాడీ రాదు. అసలు వైరస్ ఎప్పుడో ఒకసారి ఒంట్లోకి వచ్చి ఉంటేనే వస్తుంది, వచ్చాక సాధారణంగా జీవితాంతం ఉంటుంది. కొత్త ఇన్ఫెక్షనా అని తేల్చడానికి ఇందులోనే ఐజీఎం అనే భాగాన్ని విడిగా చూస్తారు. పాత సంగతి తెలియాలంటే ‘టోటల్’ కావాలి. ల్యాబుకు ఐజీఎం ఒక్కటే రాసి పంపితే నెగెటివ్ వస్తుంది, పాత ఇన్ఫెక్షన్ కంటికి కనబడకుండా పోతుంది. చీటీలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.

రెండు పేర్లకూ తేడా చివరి అక్షరమే, ఒకటి ‘ఎస్’, ఇంకొకటి ‘సీ’. తొందరలో చదివితే ‘యాంటీబాడీ పాజిటివ్, వ్యాక్సిన్ పనిచేసింది’ అనుకుంటారు. వేలు పెట్టి చదవండి.

రెండోది, అంకె పక్కనున్న హద్దు చూడండి

కోర్ యాంటీబాడీ రిపోర్టులో 0.01 అని ఉంటే ఎవరైనా నెగెటివ్ అనుకుంటారు. కొన్ని యంత్రాల్లో అది బలమైన పాజిటివ్. ఎందుకంటే ఆ కిట్లు పోటీ పద్ధతిలో పనిచేస్తాయి. రోగి రక్తంలోని యాంటీబాడీ, కిట్‌లో ముందే ఉన్న, వెలుగునిచ్చే గుర్తు వేసిన యాంటీబాడీతో పోటీపడి దాన్ని పక్కకు నెడుతుంది. రోగి యాంటీబాడీ ఎంత ఎక్కువుంటే వెలుగు అంత తగ్గుతుంది. అలాంటి కిట్‌లో 1 కంటే తక్కువ వస్తే రియాక్టివ్. మరికొన్ని కిట్లలో దీనికి తలకిందులు, 1 దాటితేనే రియాక్టివ్. అందుకని రెండు ల్యాబుల అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగిందా తగ్గిందా అని చూడకూడదు. పక్కనున్న రిఫరెన్స్ గడి, దాని పక్కన రాసిన మాట, ఈ రెండే నమ్మాలి. అంకె హద్దుకు మరీ దగ్గరగా ఉంటే ఇంకో పద్ధతిలో పనిచేసే కిట్‌తో మళ్లీ చేయించాలి.

జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకునేవాళ్లు ఆ సంగతి ల్యాబులో ముందే చెప్పాలి. బయోటిన్ ఆధారంగా తయారైన కిట్లలో అది ఫలితాన్ని తారుమారు చేయగలదు.

మూడోది, కోర్ ఒక్కటే పాజిటివ్ అయితే

హెచ్‌బీఎస్‌ఏజీ లేదు, యాంటీ-హెచ్‌బీఎస్ 10 కంటే తక్కువ, కోర్ మాత్రం పాజిటివ్. ఈ రిపోర్టుకు నాలుగు అర్థాలు ఉండొచ్చు. మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన ఇన్ఫెక్షన్. ఏళ్లు గడిచేకొద్దీ ఎస్ యాంటీబాడీ హద్దు కిందికి జారిపోయి, సీ ఒక్కటే మిగులుతుంది. రెండోది, నిజంగా ఏమీ లేకుండానే వచ్చిన తప్పుడు పాజిటివ్. మూడోది, వైరస్ చాలా తక్కువగా దాగి ఉండటం. అప్పుడు సర్ఫేస్ యాంటిజెన్ దొరకదు కానీ డీఎన్‌ఏ టెస్టులో కొద్దిగా దొరకొచ్చు. నాలుగోది, కొత్తగా వచ్చిన ఇన్ఫెక్షన్‌లో యాంటిజెన్ పోయి ఎస్ యాంటీబాడీ ఇంకా రాని మధ్యకాలం. అప్పుడు ఐజీఎం పాజిటివ్‌గా ఉంటుంది, ఈమధ్యే కామెర్లు వచ్చిన చరిత్ర ఉండొచ్చు. ఇవి కాక, రక్తమో ఇమ్యునోగ్లోబులినో ఎక్కించాక దాతల యాంటీబాడీ కనబడటం కూడా ఉంది.

వీటిని విడదీయడానికి వెంటనే చేయాల్సినవి రెండు: ఐజీఎం, హెచ్‌బీవీ డీఎన్‌ఏ. తొందర లేని ఆరోగ్యవంతుడికైతే ఒక డోసు వ్యాక్సిన్ వేసి నెల తర్వాత ఎస్ యాంటీబాడీ చూసే పద్ధతి కూడా ఉంది. ఒక్క డోసుకే అంకె బాగా పెరిగితే శరీరానికి పాత జ్ఞాపకం ఉన్నట్టు.

ఒక ఉదాహరణ

సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో చెన్నై వచ్చి చూపించుకుంటున్న 58 ఏళ్ల మనిషి అనుకుందాం. పెద్ద బి-కణాల లింఫోమా అనే క్యాన్సర్. రిటుక్సిమాబ్ కూడా ఉండే ఆర్-చాప్ అనే కీమో ఆరు విడతలు రాశారు, మొదటిది జనవరి 5న. రక్తం తక్కువుందని తొమ్మిది రోజుల క్రితం ఊళ్లోనే రెండు యూనిట్ల ప్యాక్డ్ సెల్స్ ఎక్కించారు. రిపోర్టులో హెచ్‌బీఎస్‌ఏజీ నాన్ రియాక్టివ్, యాంటీ-హెచ్‌బీసీ టోటల్ రియాక్టివ్, యాంటీ-హెచ్‌బీఎస్ 3.2. లివర్ టెస్టులు మామూలుగానే ఉన్నాయి. ఒంటికి ఎప్పుడూ కామెర్లు రాలేదని అంటున్నాడు.

కామెర్లు రాలేదన్న మాటకు ఇక్కడ పెద్ద బరువు లేదు. చిన్నప్పుడు సోకితే చాలాసార్లు ఏ లక్షణమూ కనబడదు. వయసు చూస్తే పుట్టగానే వ్యాక్సిన్ పడే అవకాశమూ లేదు. తమిళనాడులోనే పిల్లలకు హెపటైటిస్ బితో సహా ఐదు జబ్బుల పెంటావాలెంట్ టీకా 2011 డిసెంబరులో మొదలైంది.

ఇక ఎక్కించిన రక్తం. మన దేశంలో దాతల రక్తానికి హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష తప్పనిసరి, కోర్ యాంటీబాడీ పరీక్ష కాదు. కాబట్టి దాత యాంటీబాడీ వచ్చి ఉండటం అసాధ్యమేమీ కాదు. అయితే ప్యాక్డ్ సెల్స్‌లో ప్లాస్మా కొద్దిగానే మిగులుతుంది కాబట్టి ఆ అవకాశం తక్కువ. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించి ఉంటే సంగతి వేరు. అప్పుడు సాధారణంగా ఎస్ యాంటీబాడీ కూడా కలిసి వస్తుంది, 3.2 దగ్గర ఆగదు. రక్తం ఎక్కించకముందు తీసిన శాంపిల్ ఊళ్లోని ల్యాబులో మిగిలి ఉంటే దానిమీద చేయించడం అన్నిటికంటే మంచిది. లేకపోతే కొన్ని నెలలాగి మళ్లీ చూడాలి. అరువు యాంటీబాడీ అప్పటికి కరిగిపోతుంది. కానీ లింఫోమా అన్ని నెలలు ఆగదు. కాబట్టి నిజమైన పాజిటివ్ అనుకునే ముందుకు వెళ్లాలి.

ఐజీఎం నెగెటివ్ వచ్చింది, డీఎన్‌ఏ దొరకలేదు. ఇక్కడే చాలామంది ‘వైరస్ లేదు కదా’ అంటారు. డీఎన్‌ఏ టెస్టు చూసేది రక్తాన్ని. ఈ వైరస్ మాత్రం లివర్ కణాల కేంద్రకంలో తన డీఎన్‌ఏని గుండ్రని ముడిగా దాచుకుంటుంది. జబ్బు తగ్గిపోయినా ఆ ముడి పోదు. శరీరం కాపలా కాస్తున్నంత కాలం అది బయటికి రాదు. యాంటీబాడీలు తయారుచేసే వ్యవస్థకు మూలమైన బి కణాలను రిటుక్సిమాబ్ తుడిచిపెట్టేస్తుంది, కాపలా పోతుంది. వైరస్ నిశ్శబ్దంగా పెరుగుతుంది. కీమో అయిపోయి శరీరం కోలుకునేటప్పుడు ఆ వైరస్ నిండిన లివర్ మీదే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2013లో ఈ మందు లేబుల్‌పై ఈ ప్రమాదం గురించి బాక్సు హెచ్చరిక పెట్టించింది. ఎస్ యాంటీబాడీ 10 దాటి ఉంటే ప్రమాదం తగ్గుతుంది కానీ పోదు. అలాంటివాళ్లకూ రిటుక్సిమాబ్‌తో పాటు నివారణ మందు ఇస్తారు.

మందు ఎప్పుడు మొదలు, ఎప్పటిదాకా

మన ఉదాహరణలో డాక్టరు రాసేది ఎంటెకావిర్ 0.5 మిల్లీగ్రాములు రోజుకొకటి, లేదా టెనోఫోవిర్. ఎంటెకావిర్ ఖాళీ కడుపుతో వేసుకోవాలి, అంటే తిన్న రెండు గంటల తర్వాత, మళ్లీ తినడానికి రెండు గంటల ముందు. రాత్రి భోజనమయ్యాక రెండు గంటలాగి పడుకునే ముందు వేసుకోవడం చాలామందికి వీలుగా ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు మోతాదు మారుస్తారు. మొదటి రిటుక్సిమాబ్‌కు ముందే మాత్ర మొదలవ్వాలి, మరీ ఆలస్యమైతే అదే రోజైనా. డీఎన్‌ఏకు రక్తం మాత్రం మొదటి మాత్రకు ముందే తీయాలి, రిపోర్టు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

21 రోజులకొకటి చొప్పున ఆరో విడత ఏప్రిల్ 20కి పడుతుంది. మాత్ర అక్కడితో ఆగదు. చివరి రిటుక్సిమాబ్ తర్వాత కనీసం 12 నెలలు, కొన్ని మార్గదర్శకాల ప్రకారం 18 నెలలు కొనసాగాలి. ఈయన విషయంలో మరుసటి ఏడాది ఏప్రిల్ 20 లేదా అక్టోబరు 20. ఈ తేదీని ఫైలు అట్టమీదే రాసిపెట్టుకోవాలి. కీమో అయిపోయింది, ఒంట్లో బాగుంది, నెలనెలా ఇంకో మాత్ర ఎందుకని ఊరి మెడికల్ షాపులో ఆపేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. బి కణాలు తిరిగి వచ్చేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. ఖర్చు ఇబ్బంది అయితే, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందు దొరుకుతుందేమో ప్రభుత్వాసుపత్రిలో అడగాలి.

మధ్యలో మూడు నెలలకోసారి లివర్ టెస్టు, హెచ్‌బీవీ డీఎన్‌ఏ, మాత్ర ఆపాక కూడా మరో 12 నెలలపాటు అంతే. తిరగబెట్టేటప్పుడు ముందు డీఎన్‌ఏ కనబడుతుంది, తర్వాత హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అవుతుంది, ఆ తర్వాతే లివర్ దెబ్బతింటే పెరిగే ఏఎల్‌టీ ఎగబాకుతుంది, కళ్లు పచ్చబడటం చివరాఖరుకు. ఏఎల్‌టీ పెరిగినప్పుడు కీమో మందుల వల్లేనని సరిపెట్టుకోకుండా, అదే రోజు డీఎన్‌ఏకు రక్తం పంపాలి.

రిటుక్సిమాబ్‌ను కీళ్లవాతానికి, కొన్ని కిడ్నీ జబ్బులకు, పెంఫిగస్ అనే చర్మవ్యాధికి కూడా వాడతారు. అక్కడా ఇదే లెక్క. తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ ఒక్కటే వాడేవాళ్లకు, హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ అయితే, ఈ ప్రమాదం చాలా తక్కువ. మాత్ర లేకుండా గమనిస్తూ ఉంటే సరిపోతుంది.

ఇంట్లోవాళ్లు అడిగేది అంటుతుందా అని. హెచ్‌బీఎస్‌ఏజీ, డీఎన్‌ఏ రెండూ లేనప్పుడు ఈయన నుంచి కంచం, గ్లాసు, మంచం వల్ల ఎవరికీ ఏమీ రాదు. అయితే చిన్నప్పుడు తల్లి నుంచి సోకి ఉండొచ్చు కాబట్టి తోడబుట్టినవాళ్లు కూడా ఒకసారి హెచ్‌బీఎస్‌ఏజీ, కోర్ టోటల్ రెండూ చేయించుకోవాలి. రెండూ నెగెటివ్ అయి, ఎస్ యాంటీబాడీ కూడా లేకపోతే 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసుల వ్యాక్సిన్ వేయించుకోవాలి.