సూర్యోదయం ఫొటో పంపే ముందు

మా బాబాయ్ కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కి నైట్ సెక్యూరిటీ. తెల్లారి డ్యూటీ దిగే ముందు గేటు దగ్గర నిలబడి సూర్యుడిని ఫొటో తీస్తాడు, ఫోన్‌లోని ఏఐ చాట్ యాప్‌కి పంపుతాడు. ఆ వేళకి మాట్లాడటానికి ఇంకెవరు లేచి ఉంటారు పాపం!

మొన్న ఆ ఫొటో నాకూ చూపించాడు. వాటర్ ట్యాంకు వెనక నారింజ రంగు ఆకాశం, బాగుంది. కానీ కింద మూలన టేబుల్ మీద విజిటర్స్ రిజిస్టర్ తెరిచి ఉంది. రెండు వేళ్లతో జూమ్ చేస్తే ఫ్లాట్ నంబర్లు, వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు చదవగలిగేలా ఉన్నాయి. ఫొటోని పైకి జరిపితే వివరాల్లో మ్యాప్ కూడా కనిపించింది, అంటే కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంది.

అందుకే బాబాయ్‌కి ఇలా చెప్పాను: ముందు క్రాప్ చేసి ఆకాశం మాత్రమే ఉంచు. క్రాప్ చేసిన కాపీలోనూ లొకేషన్ మిగిలిపోవచ్చు కాబట్టి, దాన్ని స్క్రీన్ నిండా తెరిచి స్క్రీన్‌షాట్ తీసి అదే పంపు. అసలు ఫొటోలో దాగి ఉండే జీపీఎస్ అంకెలు స్క్రీన్‌షాట్‌లోకి రావు. అపార్ట్‌మెంట్ పేరు బోర్డు ఫొటోలోనే కనిపిస్తుంటే మాత్రం స్క్రీన్‌షాట్ తీసినా లాభం లేదు, దాన్నీ కత్తిరించాల్సిందే.

కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేస్తే ఇకమీదట తీసే ఫొటోలకు ఆ బెడద ఉండదు. పాతవాటిలో అలాగే ఉంటుంది. ఇప్పుడు బాబాయ్ ఫొటో తీసే ముందు రిజిస్టర్ మూసేస్తున్నాడు, టీ గ్లాసు బరువు పెట్టి మరీ.