చనిపోయిన అమ్మమ్మకు ఉత్తరం రాయాలనుకుంటే

చాలామంది "నువ్వు ఎంతో మంచిదానివి" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అది సంతాప సభలో మాట. ఆవిడని నువ్వు అని పిలిచేవాళ్లయితే ఉత్తరంలోనూ నువ్వే ఉంచండి. మీరు అని మార్చగానే మాట బిగుసుకుపోతుంది.

చెప్పకుండా మిగిలినవి పది ఉన్నా, ఒక్కటే తీసుకోండి. ఉదాహరణకి: "అమ్మమ్మా, ఆ సంక్రాంతికి పరీక్షలున్నాయని రాలేదు కదా, పరీక్షలేం లేవు. స్నేహితులతో ఊరెళ్లాను. నువ్వేమో అరిసెలు డబ్బాలో పెట్టి పంపించావు." ఇక్కడ ఆపేయాలి. కింద క్షమాపణలు పేరా నిండా రాస్తే, జరిగిన విషయం పక్కకు పోయి మన బాధే మిగులుతుంది.

ఆవిడ పోయాక మీ జీవితం ఎలా సాగుతోందో చెప్పేటప్పుడు, ఆవిడే ఉంటే ఏం అడిగేదో వాటికి జవాబులు రాయండి: వంట ఎవరు చేస్తున్నారు, జీతం సరిపోతోందా, పెరట్లో కరివేపాకు చెట్టు ఉందా. "చాలా మారిపోయింది" అంటే ఆవిడకి ఏమీ తెలియదు. ఇల్లు అమ్మేస్తే అమ్మేశామనే రాయండి. చాలా ఉత్తరాలు బోలుగా అనిపించేది ఈ దాపరికం వల్లే.

మనసులోని బాధను కాగితం మీద పెట్టడానికి అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ చెప్పిన పద్ధతిలో రాయడానికి కూర్చోవడం రోజుకి 15–20 నిమిషాలే, అలా మూడు నాలుగు రోజులు. అక్షరదోషాలు పట్టించుకోరు. రాసిన వెంటనే మనసు బరువెక్కడం మామూలే, కాబట్టి పడుకునే ముందు వద్దు. పోయి కొన్ని రోజులే అయితే ఇంకొన్నాళ్లు ఆగినా నష్టం లేదు.